గోదాములో పేరుకున్న ‘ఆరోగ్యం’

ఏడాదికి రూ.120 కోట్ల అమ్మకాలున్న పంపు మోటార్ల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో కనిపించే మధ్యతరహా ఫ్యాక్టరీల్లాంటిదే. నిరుడు దాని కరెంట్ రేషియో 1.50 ఉంటే, ఈ ఏడాది 1.52 అయింది. పైపైన చూసేవారికి కంపెనీ నిలకడగా ఉన్నట్టే. నిజానికి ఈ ఏడాదిలోనే అది కష్టాల్లోకి జారింది.

ఏడాదిలోగా నగదుగా మారే ఆస్తులను ఏడాదిలోగా కట్టాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చేదే కరెంట్ రేషియో. 1970వ దశకంలో టాండన్ కమిటీ సూచించిన రుణ పద్ధతి నుంచి మన బ్యాంకులు 1.33ను కొలబద్దగా వాడుతూ వచ్చాయి. ఆ లెక్కన మన కంపెనీ గట్టెక్కినట్టే.

పైన ఉన్న అంకెను విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. నిరుడు సరకు నిల్వ రూ.20 కోట్లు, కొనుగోలుదారుల నుంచి రావాల్సింది రూ.20 కోట్లు, చేతిలో నగదు రూ.5 కోట్లు, మొత్తం 45. కట్టాల్సింది 30. ఈ ఏడాది నిల్వ 32కు, రావాల్సిన బాకీలు 30కి పెరిగాయి. నగదు 2కు పడిపోయింది. మొత్తం 64, కట్టాల్సింది 42. అమ్మకాలు మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు. అంటే అమ్ముడుపోని మోటార్లు, వసూలు కాని బిల్లులే ఆస్తుల పద్దును లావు చేశాయి. కరెంట్ రేషియోకున్న పెద్ద లోపం ఇదే. సరకు కదలకపోయినా దాన్ని ఆస్తిగానే లెక్కిస్తుంది.

అందుకే నిల్వను తీసేసి లెక్కించే క్విక్ రేషియోను పక్కన పెట్టుకోవాలి. ఇక్కడ అది 0.83 నుంచి 0.76కు తగ్గింది. అంతకన్నా సూటిగా చెప్పేవి రోజుల లెక్కలు. రావాల్సిన బాకీలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో హెచ్చిస్తే, డబ్బు చేతికి రావడానికి నిరుడు 61 రోజులు పట్టేదని, ఇప్పుడు 91 పడుతోందని తేలుతుంది. తయారీ ఖర్చు ఏటా రూ.90 కోట్లనుకుంటే, సరకు గోదాములో ఉండే కాలం 81 రోజుల నుంచి 130కి చేరింది.

మరి ఇంత నిల్వకు డబ్బెక్కడిది? అప్పే. బ్యాంకు క్యాష్ క్రెడిట్, టర్మ్ లోన్ కలిపి నిరుడు రూ.35 కోట్లుంటే, ఇప్పుడు 48. సొంత మూలధనం 30 నుంచి 32కే పెరిగింది. రూపాయి సొంత సొమ్ముకు అప్పు రూ.1.17 నుంచి రూ.1.50కి ఎగబాకింది. దీన్నే డెట్–ఈక్విటీ రేషియో అంటారు.

అప్పు ఎంత ఉందన్నదానికన్నా, వాయిదా నాటికి కట్టగలరా అన్నదే ముఖ్యం. లాభం 2 కోట్లు, తరుగుదల 4, వడ్డీ 4 కలిపితే పది కోట్లు. కట్టాల్సిన అసలు 5, వడ్డీ 4 కలిపి తొమ్మిది. రుణ చెల్లింపు సామర్థ్యం 1.11. వచ్చే ఏడాది వాయిదాలూ వడ్డీ కలిపి 11 కోట్లవుతాయి. ఆదాయం పెరగకపోతే ఈ నిష్పత్తి ఒకటికన్నా దిగజారుతుంది. పైగా ఆ పది కోట్లు కాగితం మీదివే. సరఫరాదారుల దగ్గర అదనంగా 4 కోట్లు అరువు తెచ్చినా, నిల్వ, బాకీల్లో అదనంగా 22 కోట్లు ఇరుక్కున్నాయి. కాబట్టి వడ్డీ కట్టకముందే వ్యాపారం నుంచి 8 కోట్లు బయటికి పోయాయి. లాభం చూపిన ఏడాదే నగదు కరిగిపోయింది. యంత్రాలు తిరుగుతుండగానే బాకీల దగ్గర చతికిలబడటం పెద్ద కంపెనీలకూ తప్పలేదు. వాహన విడిభాగాల సంస్థ ఆమ్‌టెక్ ఆటో 2015లో బాండ్ల సొమ్ము గడువుకు చెల్లించలేకపోయింది. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యలకు గుర్తించిన 12 ఖాతాల్లో అదొకటి.

మార్చి 31 నాటి అంకెలను ముస్తాబు చేయడమూ తేలికే. ఈ కంపెనీ 12 కోట్ల బిల్లులను ఏడాది చివర్లో డిస్కౌంట్ చేయించి, ఆ డబ్బుతో క్యాష్ క్రెడిట్ తగ్గిస్తే ఆస్తులు 52, బాకీలు 30 అవుతాయి. రేషియో ఒక్కసారిగా 1.73! వ్యాపారంలో మాత్రం ఏ మార్పూ ఉండదు. అందుకే ఒక్క రోజు లెక్కను నమ్మకుండా, మూడు నాలుగేళ్ల వరుసను, నగదు ప్రవాహ పట్టికను కలిపి చూడాలి.

2021 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కింద 11 నిష్పత్తులను ఖాతాల నోట్స్‌లో చూపాలి. ఏదైనా 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. మన కంపెనీ కరెంట్ రేషియోకు వివరణ అక్కర్లేదు. కానీ డెట్–ఈక్విటీ దాదాపు 29 శాతం పెరిగింది కాబట్టి దానికి తప్పదు. ఆ వివరణను, రావాల్సిన బాకీల వయసు పట్టికను తప్పక చదవాలి. గడువు దాటి ఆరు నెలలు మించిన బాకీలు ఎక్కువైతే, రావాల్సిన 30 కోట్లూ వస్తాయని అనుకోవడానికి లేదు.

ఈ పంపుల కంపెనీ దివాలా తీయలేదు. అయితే నిల్వ తగ్గి, వసూళ్లు రెండు నెలల గడువుకు తిరిగి వచ్చేదాకా దానికి కొత్త అప్పు ఇవ్వడం, రాగి తీగనో ఉక్కు రేకునో 90 రోజుల అరువు మీద పంపడం మంచిది కాదు.