పెరిగే అమ్మకాలు, వాలే గీత

విజయవాడలో ఎయిర్ కూలర్లు అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. మొదటి ఏడాది జనవరి–మార్చిలో 120, ఏప్రిల్–జూన్‌లో 200, జులై–సెప్టెంబరులో 80, అక్టోబరు–డిసెంబరులో 40 కూలర్లు అమ్ముడుపోయాయి. రెండో ఏడాది అదే వరుసలో 140, 220, 100, 60. ఏ త్రైమాసికం చూసినా కిందటేడు కంటే సరిగ్గా 20 ఎక్కువ. విషయం తేటగా కనబడాలని అంకెలను ఇలా నేనే ఎంచుకున్నాను. వచ్చే జనవరి–మార్చికి ఎన్ని కూలర్లు తెప్పించాలి?

ఎక్సెల్‌లో A వరుసలో 1 నుంచి 8 దాకా త్రైమాసికాల సంఖ్యలు, B వరుసలో అమ్మకాలు వేసి ఈ ఫార్ములా కొడితే జవాబు వచ్చేస్తుంది:

```
=FORECAST.LINEAR(9, B2:B9, A2:A9)
```

9 అంటే మనకు కావలసిన తొమ్మిదో త్రైమాసికం. తర్వాత తెలిసిన అమ్మకాలు, చివర వాటి వరుస సంఖ్యలు. ఈ రెండూ తారుమారైతే ఎక్సెల్ తప్పని చెప్పదు, మరేదో సంఖ్య చూపిస్తుంది. కాబట్టి ఈ క్రమం గుర్తుంచుకోవాలి.

జవాబు 98.57. కిందటి జనవరి–మార్చిలో 140 అమ్మిన దుకాణానికి ఈసారి 99 చాలంటోంది! ప్రతి త్రైమాసికమూ ఏడాదికేడాది పెరుగుతుంటే, ఫంక్షన్ గీసిన గీత మాత్రం త్రైమాసికానికి దాదాపు 4.8 కూలర్ల చొప్పున కిందికి దిగుతోంది.

లెక్కలో తప్పేమీ లేదు. ఎనిమిది బిందువుల మధ్యగా ఒక సరళరేఖ గీసి, ప్రతి బిందువుకూ రేఖకూ ఉన్న నిలువు దూరాన్ని వర్గం చేసి, ఆ వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండే రేఖను ఎంచుకోవడమే ఈ ఫంక్షన్ పని. 1805లో లెజాండ్ర్ తోకచుక్కల కక్ష్యలు కట్టే పుస్తకంలో ప్రచురించిన పద్ధతే ఇది. ఎండాకాలం, చలికాలం దానికి తెలియవు. మన పట్టిక ఎండలు ముదిరే కాలంతో మొదలై చలికాలంతో ముగిసింది. మొదట్లో పెద్ద అంకెలు, చివర చిన్న అంకెలు ఉండేసరికి రేఖ వాలిపోయింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ ఎనిమిది అంకెలకూ జవాబులో సమానమైన పలుకుబడి లేదు. చివరి త్రైమాసికం అమ్మకం 10 పెరిగితే అంచనా 5 పెరుగుతుంది. మొట్టమొదటి త్రైమాసికం అమ్మకం 10 పెరిగితే అంచనా 2.5 తగ్గుతుంది. అంటే డిసెంబరులో ఏదో ఒక కల్యాణ మండపం వాళ్లు ఒకేసారి 40 కూలర్లు కొని ఉంటే, ఆ ఒక్క బేరంతో అంచనా 20 ఎగబాకేది. అందుకే ఫార్ములా కొట్టే ముందు పట్టిక రెండు కొసలనూ పట్టి చూడాలి.

అంచనా ఎంత బలహీనమో ఎక్సెలే చెప్పగలదు, కానీ అడిగితేనే. `=RSQ(B2:B9, A2:A9)` ఇక్కడ 0.03 చూపిస్తుంది. అమ్మకాల హెచ్చుతగ్గుల్లో ఈ రేఖ పట్టుకోగలిగింది నూటికి మూడు వంతులే. `STEYX` అనే మరో ఫంక్షన్‌కు అవే అంకెలిస్తే 68 వస్తుంది. పాత అమ్మకాలే రేఖకు అటూ ఇటూ సుమారు అంత దూరంలో చెదిరి ఉన్నాయన్నమాట. ఇంత చెదురున్నప్పుడు 98.57లోని దశాంశాలకు అర్థమే లేదు.

మరి ఈ రేఖను ఎలా వాడుకోవాలి? ముందు రుతువును తీసేయాలి. వరుసగా నాలుగేసి త్రైమాసికాల సగటు కడితే ప్రతి సగటులోనూ ఒక ఎండాకాలం, ఒక చలికాలం పడతాయి. మన దుకాణానికి ఆ సగటులు 110, 115, 120, 125, 130. దాగి ఉన్న పెరుగుదల ఇప్పుడు బయటపడింది. వీటిని C వరుసలో వేసి కొడదాం:

```
=FORECAST.LINEAR(6, C2:C6, A2:A6)
```

135 వస్తుంది. నాలుగు త్రైమాసికాల మొత్తం 540 అన్నమాట. అందులో ఇప్పటికే తెలిసిన చివరి మూడు, అంటే 220, 100, 60 తీసేస్తే మిగిలేది 160. ముందు వచ్చిన 99కీ దీనికీ తేడా 61 కూలర్లు.

ఈ 160ని కూడా నేను అలాగే నమ్మేయను. నిజమైన అంకెలు ఇంత తిన్నగా ఉండవు, పైగా రెండేళ్ల లెక్కంటే ఒక్కో రుతువు రెండేసి సార్లే కనిపించినట్టు. మార్చిలో వానలు పడితే, పక్కవీధిలో మరో దుకాణం తెరిస్తే ఈ పట్టికకు తెలిసే దారి లేదు. కనీసం పాత అంకెల మీద ఒక పరీక్ష పెట్టాలి: చివరి త్రైమాసికాన్ని దాచేసి, మిగతావాటితో దాన్ని అంచనా కట్టి, అసలు అమ్మకంతో పోల్చాలి. ‘కిందటేడు ఇదే త్రైమాసికంలో ఎంత అమ్మామో అంతే’ అన్న మామూలు అంచనా కంటే ఇది దగ్గరగా రాకపోతే ఫార్ములా పక్కన పెట్టడమే మంచిది.

ఇంకొకటి, ఏ ఫార్ములా సరిచేయలేనిది. పట్టికలో ఉన్నది అమ్మకం, గిరాకీ కాదు. మేలో సరుకు అయిపోయి వారం రోజులు కొనేవాళ్లు ఉత్తచేతులతో వెళ్లి ఉంటే ఆ 220 అసలు గిరాకీ కంటే తక్కువ. దాన్ని నమ్మి మళ్లీ తక్కువే తెప్పిస్తే, మళ్లీ సరుకు చాలక అమ్మకం తక్కువే నమోదవుతుంది, అంచనా సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే అమ్మకాల పక్కనే మరో వరుస పెట్టి, సరుకు నిండుకున్న రోజులు ఎన్నో రాసుకోవాలి.