డార్విన్ కుండీల్లో ఓడిన రెండు మొక్కలు

మొదటి కుండీలో రెండో జత దగ్గర కాసేపు ఆగుదాం. కుండీకి ఒక పక్కన ఇరవై అంగుళాలు దాటి పెరిగిన మొక్కజొన్న, దాని ఎదురుగా పన్నెండు అంగుళాల దగ్గరే గిడసబారిపోయిన ఇంకో మొక్క. బాగా పెరగాల్సింది ఈ రెండోదే. ఒక మొక్క పువ్వుకు వేరే మొక్క పుప్పొడి అందితే పుట్టే సంతానం, సొంత పుప్పొడితో పుట్టిన సంతానం కంటే బలంగా ఎదుగుతుందా అని చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, 1876లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు. మొక్కజొన్న పరీక్ష అందులో ఒకటి.

నాలుగు కుండీల్లో మొత్తం 15 జతలు. జతలో ఒకటి పరపరాగ సంపర్కంతో పుట్టింది, రెండోది స్వపరాగ సంపర్కంతో పుట్టింది. రెండూ ఒకే కుండీలో ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి మట్టిలోనూ నీటిలోనూ పెద్దగా తేడా ఉండదు. అందుకే ఏ మొక్కనైనా దాని జతతోనే పోల్చాలి. డార్విన్ అంగుళంలో ఎనిమిదో వంతు వరకు కొలిచాడు. మనం కూడా ఆ ఎనిమిదో వంతునే ఒక ‘వంతు’ అనుకుందాం. పరపరాగ మొక్క ఎత్తులోంచి స్వపరాగ మొక్క ఎత్తు తీసేస్తే 15 తేడాలు వరుసగా ఇలా వస్తాయి: 49, −67, 8, 16, 6, 23, 28, 41, 14, 29, 56, 24, 75, 60, −48.

పదమూడు జతల్లో పరపరాగ మొక్కే గెలిచింది. రెండింట్లో ఓడింది, అదీ చిత్తుగా. చిక్కంతా ఆ రెండింటితోనే.

ఇలాంటి జతలకు మామూలుగా వాడేది టీ పరీక్ష. తేడాల సగటు తీసి, అవి ఎంత చెదిరి ఉన్నాయో దానితో తూచి చూస్తుంది. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన పుస్తకంలో ఈ మొక్కజొన్న లెక్కనే తీసుకున్నాడు. టీ విలువ 2.148 వచ్చింది. నూటికి అయిదు అనే వాడుక హద్దు దాటాలంటే 2.145 ఉండాలి. వెంట్రుకవాసిలో గట్టెక్కిందన్నమాట. పైగా ఆ హద్దు కచ్చితంగా చెల్లాలంటే, తేడాలు మధ్యలో గుంపుగా ఉండి రెండు వైపులా గంట ఆకారంలో పలచబడే తీరులో పుట్టాయని ఒప్పుకోవాలి. దాన్నే నార్మల్ పంపిణీ అంటారు. ఇక్కడ పదమూడు తేడాలు ఒక పక్కన, రెండు ఎక్కడో దూరంగా రెండో పక్కన ఉన్నాయి. ఉన్నవే పదిహేను. గంట ఆకారం ఉందని నేను భరోసా ఇవ్వలేను.

1945లో ఫ్రాంక్ విల్కాక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త నాలుగు పేజీల వ్యాసంలో ఇవే 15 తేడాలను మరో దారిలో పెట్టాడు. కొలతల బదులు ర్యాంకులు వాడాడు. ర్యాంకు గురించి తెలుగు ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొదటి ర్యాంకుకూ రెండో ర్యాంకుకూ మధ్య ఒక మార్కే తేడా ఉండొచ్చు, ఇరవయ్యీ ఉండొచ్చు. ర్యాంకు మాత్రం ఒక్క మెట్టే చూపిస్తుంది. ఆ గుణమే ఇక్కడ పనికొచ్చింది.

కాగితం మీద చేసి చూద్దాం. ముందుగా గుర్తులు పక్కన పెట్టి, తేడా ఎంత పెద్దదన్నదే చూడండి. అన్నిటికంటే చిన్నది 6, దానికి 1వ ర్యాంకు. 8కి 2, 14కి 3, 16కి 4. అలా పైకి వెళ్తే 23, 24, 28, 29, 41లకు 5 నుంచి 9 వరకు వస్తాయి. తర్వాత 48కి 10, 49కి 11, 56కి 12, 60కి 13, 67కి 14, చివరిగా 75కి 15. తడబడేది సరిగ్గా ఇక్కడే. మైనస్ గుర్తు తీయకుండా వరుస పేరిస్తే −67 అందరికంటే చిన్నదైపోయి 1వ ర్యాంకు కొట్టేస్తుంది. నిజానికి అది పెద్ద తేడాల్లో రెండోది.

ఇప్పుడు గుర్తులు తిరిగి అతికించండి. మైనస్ వచ్చినవి 48, 67. వాటి ర్యాంకులు 10, 14. కలిపితే 24. ప్లస్ ర్యాంకులన్నీ కలిపితే 96. రెండూ కలిసి 120 రావాలి, ఎందుకంటే 1 నుంచి 15 దాకా కూడితే అంతే. రాకపోతే ఎక్కడో ర్యాంకు తప్పింది, వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

రెండు మొత్తాల్లో చిన్నదైన 24 మన చేతిలో ఉంది. పుప్పొడి వల్ల ఏ తేడా రాదనుకుంటే, ఒక్కో ర్యాంకుకు ప్లస్ రావడం, మైనస్ రావడం నాణెం ఎగరేసినట్టే. 15 నాణేలు పడే తీరులు 32,768. వాటిలో మైనస్ మొత్తం 24 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చేవి 676. ఇదే ఒరిగింపు రెండో వైపు కూడా రావచ్చు కాబట్టి రెట్టింపు చేస్తే 1,352. అంటే నూటికి నాలుగుకు కాస్త ఎక్కువ. పట్టిక చూసినా 15 జతలకు హద్దు 25 అని ఉంటుంది. మనది 24, హద్దు లోపలే ఉంది. ఇందులో గంట ఆకారం ఊసే రాలేదు.

ఈ పద్ధతి బలం తెలియాలంటే ఒక పొరపాటు చేసి చూడండి. −67 రాయబోయి −670 రాశామనుకుందాం. తేడాల సగటు 21 వంతుల నుంచి ఏకంగా −19కి పడిపోతుంది, గెలిచిన పక్షం ఓడినట్టు కనిపిస్తుంది. ర్యాంకుల్లో జరిగేదల్లా 14వ స్థానంలో ఉన్నది 15కి ఎక్కడం, 75 ఒక మెట్టు దిగడం. మైనస్ మొత్తం 24 నుంచి 25 అవుతుంది, అంతే.

అలాగని తేడా ఎంతన్నది పూర్తిగా మరిచిపోతే మంచిది కాదు. 13 గెలుపులు, 2 ఓటములు అని గుర్తులే లెక్కపెట్టే పరీక్ష కూడా ఉంది. దాని ప్రకారం ఇలా జరిగే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. ఆ ఓటములు రెండూ ఎంత పెద్దవో దానికి తెలియదు కాబట్టే అంత ధీమా. విల్కాక్సన్ దారి ఈ రెండింటి నడిమిది. ఈ లెక్కకు నాకు అదే న్యాయంగా తోస్తుంది.

కొలతలు మొరటుగా ఉంటే రెండు తేడాలు సమానం కావచ్చు. డార్విన్ తేడాలను నిండు అంగుళాలకు సర్దితే 48, 49 రెండూ 6 అంగుళాలే. అప్పుడు 10, 11 ర్యాంకులను పంచి చెరొక 10.5 ఇవ్వాలి. ఏ జతలోనైనా తేడా సున్నా వస్తే విల్కాక్సన్ దాన్ని లెక్కలోంచి తీసేయమన్నాడు, జతల సంఖ్య కూడా అంతమేర తగ్గుతుంది.

గంట ఆకారం అక్కర్లేదంటే అసలు షరతులే లేవని కాదు. తేడాలు తమ నడిమి విలువకు అటూ ఇటూ దాదాపు ఒకేలా పరుచుకోవాలి. చుక్కలుగా గీసి చూస్తే ఒకే వైపు పొడుగాటి తోక కనబడితే నడిమి విలువ గురించి ఈ పరీక్ష చెప్పేది నమ్మకండి. నొప్పి ఎంత అని అడిగి వేసే అంకెల్లాంటివైతే, 2 నుంచి 4కు, 7 నుంచి 9కి ఉన్న తేడాలు ఒకటేనని చెప్పలేం, అప్పుడు ర్యాంకులకే అర్థం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, జతలను కదపకూడదు. డార్విన్ అడిగితే ఆయన బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ఎత్తులను పెద్దదాని నుంచి చిన్నదానికి మళ్లీ పేర్చి చూశాడు. ఏ మొక్కకు ఏది జతో అందులో చెరిగిపోయింది. ఫిషర్ దాన్ని తప్పుపట్టాడు.

జతలు మరీ తక్కువైతే ఈ పరీక్ష ఏమీ తేల్చలేదు. అయిదు జతల్లో అయిదూ ఒకే వైపు గెలిచినా, అలా జరిగే అవకాశం 32లో 2, అంటే నూటికి ఆరు పైనే. నూటికి అయిదు హద్దు లోపలికి రావాలంటే కనీసం ఆరు జతలు చేతిలో ఉండాలి.