మందు వెళ్లిపోయింది, రిసెప్టర్లు మిగిలాయి

బీపీ మాత్ర మానేస్తే బీపీ పాత స్థాయికి చేరుతుందని, అంతకుమించి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. చాలా మందుల విషయంలో అది దాదాపు నిజమే. కానీ రెండు రకాల మందులను ఉన్నట్టుండి ఆపితే, అవి మొదలుపెట్టక ముందున్న స్థితి కంటే కూడా అధ్వానంగా తయారవుతుంది. ఒకటి మెటోప్రొలాల్, అటినలాల్, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు. రెండోది క్లోనిడిన్. మన దగ్గర కిడ్నీ జబ్బుతో పాటు మొండి బీపీ ఉన్నవాళ్ల చీటీల్లో ఆర్కమిన్ అనే పేరుతో కనిపించేది ఇదే.

గుండె కణాల పైపొరలో బీటా రిసెప్టర్లనే ప్రొటీన్లు ఉంటాయి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వచ్చి వీటికి అతుక్కుంటే గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది. వీటి సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉండదు. కణం కొత్తవి తయారుచేసి పైకి పంపుతూ, పాతవాటిని లోపలికి లాక్కుని కరిగించేస్తూ ఉంటుంది. అడ్రినలిన్ తాకిడి విపరీతంగా ఉంటే లోపలికి లాగేవి ఎక్కువై, పైన మిగిలేవి తగ్గుతాయి. దీన్నే డౌన్ రెగ్యులేషన్ అంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లు సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను అదేపనిగా వాడితే దాని ప్రభావం తగ్గడానికి ఒక కారణం ఇదే.

బీటా బ్లాకర్ వాడేటప్పుడు జరిగేది దీనికి తలకిందులు. మందు రిసెప్టర్‌లో కూర్చుని అడ్రినలిన్‌కు చోటివ్వదు. కణానికి సందేశం అందడం తగ్గుతుంది. లోపలికి లాగేవీ తగ్గిపోతాయి, తయారీ మాత్రం సాగుతూనే ఉంటుంది. దాంతో కొద్దిరోజుల్లోనే పైపొర మీద రిసెప్టర్లు పెరుగుతాయి. ఇది అప్ రెగ్యులేషన్. రేడియో స్టేషన్ సన్నగా వినిపిస్తుంటే వాల్యూమ్ పెంచుకుంటాం కదా, అలాంటిదే. సిగ్నల్ ఒక్కసారిగా పూర్తి బలంతో వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మనిషిలో ఈ పెరుగుదలను చూడటం అంత తేలిక కాదు, లెక్క కోసం గుండె కండ ముక్క కోయలేం. అందుకే పరిశోధకులు రక్తంలోని లింఫోసైట్లను పట్టుకున్నారు. ఆ తెల్లకణాల మీద కూడా బీటా రిసెప్టర్లు ఉంటాయి. 1980లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు కొన్నాళ్లు ప్రొప్రనలాల్ ఇచ్చి చూస్తే, వాళ్ల లింఫోసైట్ల మీద బీటా రిసెప్టర్లు 40 శాతానికి పైగా పెరిగాయి. మందు ఆపాక ఆ సంఖ్య వెంటనే తగ్గలేదు, కొన్ని రోజులు అలాగే నిలిచింది. తెల్లకణంలో కనబడిందంతా గుండెలోనూ అచ్చం అలాగే జరుగుతుందని చెప్పలేం. రీబౌండ్‌కు రిసెప్టర్ల సంఖ్య ఒక్కటే కారణమనీ కాదు. అయినా, మందు రక్తంలోంచి పోయే వేగం ఒకటి, రిసెప్టర్లు సర్దుకునే వేగం మరొకటి అన్న విషయం మాత్రం దీంతో స్పష్టమైంది. ప్రమాదమంతా ఆ రెంటి మధ్య వ్యవధిలోనే ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అరవై ఏళ్ల మనిషి, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. మెటోప్రొలాల్ మామూలు మాత్ర 50 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాడు. నాడి 62 దగ్గర నిలకడగా ఉంది. బంధువుల ఇంట పెళ్లికి వెళ్లేసరికి షీటు అయిపోయింది. ‘బీపీ నార్మల్‌గానే ఉందిగా, నాలుగు రోజుల్లో ఇంటికెళ్లి కొనుక్కుందాం’ అనుకున్నాడు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి మూడు నుంచి ఏడు గంటలు చాలు. అంటే మర్నాడు రాత్రికి దాదాపు ఖాళీ. అడ్డు తొలగింది, రిసెప్టర్లు మాత్రం అదనంగానే ఉన్నాయి. రెండో రోజు కూర్చున్నప్పుడే నాడి 90 దాటింది. మెట్లెక్కితే గుండె దడ, చెమట. మూడో రోజు, ఏడాదిగా రాని ఛాతీనొప్పి మళ్లీ వచ్చింది. గుండె వేగం పెరిగితే దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. సన్నబడిన రక్తనాళాలేమో అంత అందించలేవు. నొప్పి అందుకే.

ఆ దశలో ఇంట్లో కూర్చుని మాత్ర వేసుకుని చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే ‘ఫలానా మాత్ర మూడు రోజులుగా వేసుకోవడం లేదు’ అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టర్ ఆలోచన సరైన దారిలో పడుతుంది. ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. ఛాతీనొప్పికి ప్రొప్రనలాల్ వాడుతూ హఠాత్తుగా ఆపినవాళ్లలో కొందరికి రెండు వారాల్లోపే నొప్పి తీవ్రమైందని, గుండెపోటు, ఆకస్మిక మరణం కూడా సంభవించాయని 1975లోనే వైద్య పత్రికల్లో నమోదైంది.

గుండె జబ్బు లేదు కదా అనే ధీమా కూడా పనికిరాదు. ఉన్నట్టు తెలియని జబ్బు చాలామందిలో ఉంటుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేసేవాళ్లలోనైతే, దడ తగ్గడానికి ఇచ్చిన ప్రొప్రనలాల్ హఠాత్తుగా ఆపితే లక్షణాలన్నీ ఒక్కసారిగా ఉవ్వెత్తున లేవవచ్చు. అయితే ఎప్పుడో ఒకసారి స్టేజీ భయానికి ఒక మాత్ర వేసుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. రిసెప్టర్లు పెరగడానికి రోజుల తరబడి వాడకం కావాలి.

మానేయాల్సి వస్తే డోసును ఒకటి రెండు వారాల మీదుగా మెల్లగా తగ్గిస్తారు. మన ఉదాహరణలోని మనిషికైతే రోజుకు 100 మిల్లీగ్రాములను 50కి, కొన్ని రోజులాగి 25కి దించి, ఆ తర్వాత ఆపొచ్చు. ఆ రోజుల్లో బరువులెత్తడం, పరుగులు వద్దంటారు. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నో రోజూ లెక్కపెట్టి రాసుకోవడం మాత్రం ఎవరైనా చేయగలిగిన పని.

క్లోనిడిన్ కథ వేరు, వేగం ఇంకా ఎక్కువ. ఇది మెదడులోని ఆల్ఫా-2 రిసెప్టర్లను తట్టి లేపుతుంది. అవి నార్‌అడ్రినలిన్ విడుదలకు బ్రేకులు. ఎప్పుడూ తడుతూనే ఉంటే ఆ రిసెప్టర్లు మొద్దుబారతాయి. మందు ఆగగానే మొద్దుబారిన బ్రేకులే మిగులుతాయి, నార్‌అడ్రినలిన్ పొంగుతుంది. చివరి మాత్ర వేసుకున్న 18 నుంచి 36 గంటల్లో తలనొప్పి, వణుకు, చెమట, ఆందోళన మొదలై బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. డోసు ఎక్కువైనకొద్దీ ముప్పు ఎక్కువ. రెండు రోజుల వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోయినా, ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దన్నారని మాత్ర కూడా మానేసినా ఇదే జరగవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఈ మాత్రల సంగతేమిటని మత్తు డాక్టర్‌ను ప్రత్యేకంగా అడగాలి. మామూలుగా వీటిని కొనసాగించమనే చెబుతారు, గుటకెడు నీళ్లతో.

రెండు మందులూ కలిపి వాడుతున్నవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. క్లోనిడిన్ ఆపగానే పొంగిన నార్‌అడ్రినలిన్, అడ్రినలిన్ రక్తనాళాల మీదికి వస్తాయి. అక్కడ బీటా రిసెప్టర్లు నాళాన్ని వదులు చేస్తాయి, ఆల్ఫా రిసెప్టర్లు బిగిస్తాయి. బీటా బ్లాకర్ ఇంకా ఒంట్లో ఉంటే వదులు చేసే దారి మూసుకుపోయి బిగించేది మాత్రమే మిగులుతుంది, బీపీ మరింత పైకి వెళ్తుంది. అందుకే ఈ ఇద్దరినీ సాగనంపాల్సి వస్తే, ముందు బీటా బ్లాకర్‌ను మెల్లగా తగ్గించి ఆపుతారు. కొన్ని రోజులు గడిచాకే క్లోనిడిన్ జోలికి వెళ్లి, దాన్నీ అంచెలంచెలుగానే తగ్గిస్తారు.