నత్తి ఉన్నవారిని పలకరించాక...

నత్తి ఉన్న మనిషికి "నమస్కారమండీ, బాగున్నారా?" అనే పలకరింపు పెద్ద కష్టం కాదు. తల ఊపినా, "ఆఁ" అన్నా జవాబు చెప్పినట్టే. చిక్కంతా ఆ వెంటనే వచ్చే "మీ పేరేంటి? ఏ ఊరు?" దగ్గర. చిన్నప్పటినుంచీ నత్తితో మెలిగినవారు నోటికి అడ్డుపడే మాటను ముందే పసిగట్టి, దాని బదులు మరో మాట వాడడం అలవాటు చేసుకుంటారు. "పొద్దున" రాకపోతే "ఉదయం" అంటారు. సొంత పేరుకు, ఊరి పేరుకు అలాంటి బదులు మాట ఉండదు. అందుకే మిగతా సంభాషణలో తడబాటే కనిపించనివారు కూడా పేరు చెప్పాల్సి వచ్చేసరికి ఆగిపోతారు. "సొంత పేరే మర్చిపోయారా?" అని నవ్వేవారికి ఈ సంగతి తెలియదు.

నత్తి మూడు రకాలుగా బయటపడుతుంది. "క-క-కమల" అన్నట్టు మొదటి అక్షరం మళ్లీమళ్లీ రావచ్చు. "స్స్స్సీత" అన్నట్టు ధ్వని సాగిపోవచ్చు. మూడోది మూగ ఆటంకం: పెదవులు మాటకు సిద్ధంగా ఉంటాయి, గొంతు మాత్రం కదలదు, శబ్దమే రాదు. ఎక్కువగా పొరపడేది ఈ మూడోదాని దగ్గరే. మొదటి రెండింటిలో మాట వస్తోందని చెవికి తెలుస్తుంది. ఇక్కడ వినిపించేది నిశ్శబ్దమే కాబట్టి, ప్రశ్న వినబడలేదనో, జవాబు అయిపోయిందనో అనుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. పెళ్లిలో ఒకాయన పక్క కుర్చీలోని కుర్రాణ్ని పలకరించి, "పేరేంటి బాబూ?" అన్నారు. కుర్రాడి పేరు కృష్ణమోహన్. "నా పేరు క..." దగ్గర ఆగిపోయాడు. "ఏంటీ? కృష్ణారావా?" అన్నారాయన, సాయం చేద్దామనే. ఇప్పుడు కుర్రాడు ముందు "కాదండీ" అనాలి, మళ్లీ మొదటినుంచి అదే "క" దగ్గరికి రావాలి. అక్కడికి చేరేలోగా "ఎవరి తాలూకు? ఏం చదివావు?" అని మరో రెండు ప్రశ్నలు పడ్డాయి. చివరికి పక్కనున్న తల్లి జవాబు చెప్పేసింది. కుర్రాడికి పేరు చెప్పుకునే అవకాశం పోయింది; మరోచోట ఇదే ప్రశ్న ఎదురైతే ఆ భయం ముందే వస్తుంది. ఊహించిన పేరు సరైనదే అయినా ఫలితం ఇంతే. చెప్పాల్సిన మాటను ఇంకొకరు లాగేసుకున్నారు.

జవాబు పూర్తయిందా, మధ్యలో ఆగిందా అన్నది ముఖం చూస్తే తెలుస్తుంది. ఆటంకంలో పెదవులో దవడో బిగుసుకుని ఉంటాయి, మెడ నరాలు తేలతాయి, కళ్లు గట్టిగా మూతపడవచ్చు లేదా పక్కకు తిరగవచ్చు. కొందరు కాలితో నేలను తడతారు. మాట అయిపోతే ఈ బిగువంతా సడలి, చూపు ఎదుటివారి వైపు వస్తుంది. ఆటంకం చాలావరకు ఒకటి రెండు సెకన్లే. వినేవారికి అది ఎక్కువసేపుగా తోస్తుంది, అంతే. తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రం పది సెకన్లు దాటవచ్చు.

ఆ కాసేపూ వినేవారు చేయాల్సింది తక్కువ. మామూలుగా ఎలా చూస్తారో అలాగే చూడాలి. గుడ్లప్పగించి చూడడం, ఫోను తీయడం, "ఊఁ, ఊఁ" అంటూ తల గబగబా ఊపడం, మూడూ తొందరపెట్టడమే. ఒకేసారి ఒక ప్రశ్నే అడగాలి. జవాబు వచ్చాక రెండు క్షణాలాగి, నిదానంగా మాట్లాడితే ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఏదైనా అర్థం కాకపోతే, అర్థమైనట్టు నటించే కన్నా "విజయవాడ అన్నారు, ఆ తర్వాతది వినబడలేదు" అని అడగడం మర్యాద.

"కంగారుపడకు, ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా చెప్పు" అనే సలహా ప్రేమతోనే వస్తుంది కానీ పనిచేయదు. నత్తికి మూలం కంగారు కాదు. మాటకు కావలసిన కదలికలను మెదడు నడిపే తీరులోని తేడా అది. వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. తొందర, భయం దాన్ని పెంచుతాయి గాని పుట్టించవు. నత్తి ఉన్నవారిలో చాలామంది పాడేటప్పుడు, పదిమందితో కలిసి చదివేటప్పుడు తడబడరు. అందువల్ల ఓపికగా వినడం చికిత్స కాదు. వినేవారు ఎంత నిదానంగా ఉన్నా ఆటంకాలు వస్తూనే ఉండవచ్చు.

ఫోనులో ముఖం కనిపించదు కనుక ఈ గుర్తులేవీ ఉండవు. "హలో" అన్నాక అటునుంచి శబ్దం రాకపోతే లైను కట్టయిందనుకుని పెట్టేస్తారు. నత్తి ఉందని తెలిసినవారి నంబరు అయితే "వింటున్నాను" అని ఒక్కసారి చెప్పి ఆగడం మేలు. ఒక మినహాయింపు ఉంది. ఎన్నడూ నత్తి లేని పెద్దవారికి ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి ఒకపక్కకు వంకరపోయినా, చేయి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు జవాబు కోసం ఆగకూడదు, వెంటనే 108కి ఫోను చేయాలి.