సమన్లు అందిన రోజు నుంచే గడువు

తెనాలిలో పచ్చళ్ళు పట్టి అమ్మే చిన్న వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. నడిపేది ఒకావిడ. ప్లాస్టిక్ జాడీలు విజయవాడ సప్లయర్ దగ్గర అరువు మీద తెప్పించుకుంటారు. జూన్ 3న కోర్టు నుంచి ఒక మనిషి వచ్చి, మొత్తం ఇంగ్లీషులో ఉన్న కాగితాల కట్ట ఇచ్చి, సంతకం చేయించుకుని వెళ్ళాడు. అందులో ఆవిడకు అర్థమైనవి రెండే: తన వ్యాపారం పేరు, జూన్ 28 అనే తేదీ. ‘28న కదా వాయిదా, అప్పుడు చూద్దాం’ అనుకుని కట్టను బీరువాలో పెట్టేశారు.

చిన్న వ్యాపారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జూన్ 28 కోర్టులో హాజరు కావలసిన రోజు. జవాబు దాఖలు చేయడానికి ఇచ్చే గడువు వేరు. అది సమన్లు చేతికందిన జూన్ 3 నుంచి నడుస్తుంది. అందిన రోజును వదిలేసి లెక్కపెడితే 30వ రోజు జూలై 3. వాయిదా దాకా ఆగితే చేతిలో మిగిలేది అయిదు రోజులు. అందుకే కట్ట అందగానే దాని మీద ఆ రోజు తేదీ, తీసుకున్నవారి పేరు రాసుకోవాలి. యజమాని ఊళ్ళో లేనప్పుడు కొట్టు నడిపే మేనేజరు తీసుకున్నా అందినట్టే. వద్దని తిప్పి పంపితే గడువు ఆగదు. నిరాకరించారని నమోదు చేసుకుని, సమన్లు అందినట్టుగానే కోర్టు ప్రకటించవచ్చు.

ఇక కట్టలో ఏముందో చూద్దాం. మొదటి కాగితం సమన్లు. దాని వెనుక దావా కాపీ ఉంటుంది, అంటే వాది తన గోడంతా పేరాలకు నంబర్లు వేసి రాసుకున్న ప్లెయింటు. ఆ తర్వాత బిల్లులు, ఖాతా నకళ్ళు. దావా కాపీ లేకుండా ఉత్త సమన్లే వస్తే ఆ సంగతి వెంటనే వకీలు ద్వారా కోర్టుకు చెప్పాలి, ఎందుకంటే సమన్లకు దావా కాపీ జతచేయాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని నిబంధన.

ఇంగ్లీషు రాకపోయినా కేసు నంబరును చూడగలం. ముందు ‘ఓ.ఎస్.’ అని ఉంటే మామూలు సివిల్ దావా. ‘సి.ఓ.ఎస్.’ అని ఉంటే వాణిజ్య దావా. వ్యాపారుల మధ్య సరుకు బాకీ మూడు లక్షల రూపాయలు, ఆపైన ఉంటే సాధారణంగా వాణిజ్య కోర్టుకే వెళుతుంది. నంబరు కింద ‘ఆర్డర్ 37’ అని రాసి ఉందేమో కూడా చూడాలి, 37 రోమన్ అంకెల్లో ఉండొచ్చు. అలా ఉంటే అది సమ్మరీ సూట్. అందులో ముందు పది రోజుల్లోపు కోర్టులో హాజరు నమోదు చేయించుకోవాలి. చేయకపోతే వాది చెప్పినదంతా ఒప్పుకున్నట్టే లెక్కగట్టి డిక్రీ ఇచ్చేయవచ్చు. నెల రోజులు ఉన్నాయనుకుని ఉండిపోయినవారికి ఈ పది రోజులు దాటిన సంగతే తెలియదు.

మన తెనాలి కేసు సి.ఓ.ఎస్. అనుకుందాం, ఆర్డర్ 37 కాదు. సప్లయర్ అడిగేది 6,80,000 రూపాయలు, 24 శాతం వడ్డీ. జవాబుకు అసలు గడువు 30 రోజులు. అది దాటితే ఆలస్యానికి కారణం చూపిస్తూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. కోర్టు కారణాలు రాసి, ఖర్చులు కట్టించుకుని అనుమతించవచ్చు. అయితే ఈ వెసులుబాటు అంతా కలిపి 120వ రోజు దాకానే, అంటే ఇక్కడ అక్టోబరు 1. ఆ తర్వాత జవాబు తీసుకునే అధికారం కోర్టుకే లేదని 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దావానే కొట్టేయమని వేరే పిటిషన్ వేసి, అది తేలేదాకా జవాబు ఆపుకోవడం కూడా కుదరదని అదే తీర్పులో ఉంది. మామూలు ఓ.ఎస్. దావాలో పై గడువు 90 రోజులు. అక్కడ గట్టి కారణం ఉంటే కోర్టుకు కొంత విచక్షణ ఉంటుంది. వాణిజ్య దావాలో ఆ దయ ఆశించకూడదు. జవాబు లేకపోయినా వాది సాక్షిని ప్రశ్నించవచ్చు గానీ, మన కథ రికార్డులో ఉండదు.

జవాబులో ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. దీన్నే కోర్టులో రిటన్ స్టేట్‌మెంట్ అంటారు. ‘దావాలో రాసినదంతా అబద్ధం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చెల్లదు. పేరా తర్వాత పేరాకు జవాబు చెప్పాలి. స్పష్టంగా కాదనని విషయం ఒప్పుకున్నట్టే అవుతుంది. వాణిజ్య దావాలోనైతే ఎందుకు కాదంటున్నామో, అసలు జరిగిందేమిటో కూడా రాయాలి.

తెనాలి ఆవిడ బిల్లులు తీసి చూసుకుంటే ఆరు లోడ్ల జాడీలు తెప్పించుకున్న మాట నిజం. ఆ పేరా ఒప్పుకోవడమే మంచిది. నిజాన్ని కాదంటే మిగతా మాటల విలువ పోతుంది. బాకీ పేరా దగ్గర మాత్రం తేడా ఉంది. ఆవిడ బ్యాంకు నుంచి పంపిన 2,00,000 సప్లయర్ ఖాతాలో జమ చూపలేదు. మూతలు సరిగా బిగియక నూనె కారుతున్నాయని వెనక్కి పంపిన 74,000 రూపాయల సరుకునూ తగ్గించలేదు. ఈ రెండూ తీసేస్తే నిలిచేది 4,06,000. ఇరవై నాలుగు శాతం వడ్డీకి తానెప్పుడూ ఒప్పుకోలేదన్నది మూడో మాట. ఈ మూడూ జవాబులో రావాలి, ఒక్కోదానికి కాగితం జతపడాలి: బ్యాంకు స్టేట్‌మెంట్, వెనక్కి పంపినప్పటి లారీ రసీదు, మూతల గురించి వాట్సాప్‌లో నడిచిన మాటలు. వాట్సాప్ ప్రింటుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి కాబట్టి ఆ ఫోన్ మార్చకూడదు, చాట్ చెరపకూడదు. కారిపోయిన పచ్చళ్ళకు నష్టపరిహారం అడగదలిస్తే కౌంటర్ క్లెయిమ్ వేసే మార్గమూ ఉంది, దానికి కోర్టు ఫీజు కట్టాలి.

జవాబంతా ఇంగ్లీషులోనే తయారవుతుంది. సంతకం పెట్టే ముందు ప్రతి పేరా తెలుగులో చెప్పించుకోండి, ముఖ్యంగా అంకెలు. వాణిజ్య దావాలో జవాబుతో పాటు ఇదంతా నిజమని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేది మీరే, వకీలు కాదు.

ఈ మధ్యలో సప్లయర్ ఫోన్ చేసి ‘మనం మనం మాట్లాడుకుందాం, కోర్టుకు రానక్కర్లేదు’ అనవచ్చు. మాట్లాడుకోవడం మంచిదే. కానీ గడువు ఆగదు. రాజీ కుదిరితే అది రాతపూర్వకంగా, ఇద్దరి సంతకాలతో కోర్టులో దాఖలై డిక్రీలోకి ఎక్కాలి. అప్పటిదాకా వాయిదాలకు వెళ్ళాలి, జవాబు వేయాలి.

జవాబు దాఖలయ్యాక అవతలి పత్రాలు చూసుకోవడానికి సాధారణంగా 30 రోజులు, వాటిలో ఏవి ఒప్పుకుంటున్నామో ఏవి కాదంటున్నామో చెప్పడానికి మరో 15 రోజులు ఉంటాయి. ఆ తర్వాతే వివాదాంశాలు, సాక్షులు.

అప్పటికే ఎక్స్‌పార్టీ అయిపోయి డిక్రీ వచ్చేసిందా? డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని పిటిషన్ వేయాలి. సమన్లు సక్రమంగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క.

వకీలు ఫీజు భయంతో ఆగిపోయే మహిళా వ్యాపారులకు ఒక మాట. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలు ఉచిత న్యాయసహాయం అడగవచ్చు. సమన్ల కట్ట మొత్తం తీసుకుని, అందిన వారంలోనే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళండి.