మీకు తెలుసా? అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదు

ఒంటి మీద అప్పుడే పట్టిన చెమటకు దాదాపు ఏ వాసనా ఉండదు. చంకల్లోని కొన్ని గ్రంథులు మాత్రం మిగతా ఒంటికి పట్టే నీళ్ల చెమటకంటే చిక్కగా, కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చెమటను వదులుతాయి. ఆ తడిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు ఘాటైన పదార్థాలు పుడతాయి. మనం చెమట కంపు అనేది వాటి వాసననే. ఈ సంగతి తెలిస్తే షాపులో ఒకే అరలో పక్కపక్కన పెట్టే డియో, బాడీ మిస్ట్, పెర్ఫ్యూమ్‌లలో ఏది దేనికో సులువుగా అర్థమవుతుంది. కంపు పుట్టే చోట పనిచేసేది డియో. మిగతా రెండూ సువాసన కోసం చేసినవి. కంపు పుట్టాక వాటిని చల్లితే రెండు వాసనలూ కలిసి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది.

డియోలోనూ రెండు రకాలున్నాయి. మామూలు డియోడరెంట్ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, చెమటను ఆపదు. చెమటనే తగ్గించేది యాంటీపర్స్పిరెంట్. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి అల్యూమినియం లవణం పేరు ఉంటే అది ఈ రకం. ఆ లవణం చెమట నాళాల నోటి దగ్గర తాత్కాలికంగా చిన్న బిరడాలా అడ్డుపడుతుంది. తడి చంకల మీద కొడితే ఆ బిరడా సరిగ్గా కుదరదు. అందుకే దీన్ని పొద్దున హడావిడిలో కంటే రాత్రి పడుకోబోయే ముందు, చంకలు పొడిగా ఉన్నప్పుడు రాసుకోవడం మేలు. రాత్రి చెమట తక్కువ కాబట్టి లవణం నాళాల్లో కుదురుకుంటుంది, పొద్దున స్నానం చేసినా దాని పని చాలావరకు నిలుస్తుంది. మన దగ్గర డియో పేరుతో దొరికే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది సువాసన, ఆల్కహాల్, గ్యాస్ మాత్రమే. డబ్బా మీద బొమ్మ కాదు, వెనకున్న జాబితా చదివి కొనండి.

ఇక సువాసన ఘాటు సంగతి. సీసాలో సుగంధ తైలం ఎంత శాతం ఉందన్నదే ఇక్కడ ప్రధానం. కంపెనీని బట్టి కాస్త మారినా, బాడీ మిస్ట్‌లో అది సుమారు 1 నుంచి 3 శాతం. షాపువాళ్లు ఈడీటీ అనే ఓ డి టాయిలెట్‌లో 5 నుంచి 15, ఈడీపీ అనే ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. నిలిచే సమయమూ అలాగే పెరుగుతుంది. మిస్ట్ గంట, రెండు గంటలు. ఈడీటీ మూడు, నాలుగు గంటలు. ఈడీపీ ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అయితే ఈ లెక్కలు చల్లటి వాతావరణంలో చెల్లినట్టు మన మే నెలలో చెల్లవు. వేడికి ఆల్కహాల్, నిమ్మ, నారింజ లాంటి తేలిక పరిమళాలు త్వరగా ఎగిరిపోతాయి. కొట్టుకున్న మొదటి అరగంట వాసన గుప్పున వస్తుంది, మధ్యాహ్నానికి గంధం, వెనిల్లా, కస్తూరి లాంటి బరువైనవే మిగులుతాయి. ఎండాకాలంలో పెర్ఫ్యూమ్ తక్కువ కొట్టుకోమనేది ఇందుకే. చలికాలంలో నాలుగు సార్లు నొక్కేవాళ్లకు ఎండల్లో రెండు చాలు.

విజయవాడలో మే నెల పెళ్లి అనుకోండి. పొద్దున పది గంటల ముహూర్తం, పట్టుచీర, మధ్యాహ్నం భోజనాల దాకా హాల్లోనే ఉండాలి. ముందు రోజు రాత్రి చంకలు పొడిగా తుడుచుకుని యాంటీపర్స్పిరెంట్ రాసుకోండి. అప్పుడే షేవ్ చేసుంటే మాత్రం ఆ పూట మానేయండి, మంట పుడుతుంది. పొద్దున స్నానమయ్యాక చంకలు బాగా ఆరనిచ్చి డియో కొట్టుకోవాలి. డబ్బా ఓ పదిహేను సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఒక్కో వైపు రెండు సెకన్లు చాలు. అది పూర్తిగా ఆరాకే రవిక వేసుకోండి. ఆరకముందే వేస్తే తడి బట్టకు అంటుకుంటుంది, అందులో అల్యూమినియం లవణం ఉంటే అది చెమటతో కలిసి చంకల దగ్గర పసుపు మరకలు పడతాయి. తెల్ల చొక్కాలు వేసుకునే మగవాళ్లకు ఈ మరకలు బాగా తెలుసు.

రవిక వేసుకునే ముందే పెర్ఫ్యూమ్. పొడి చర్మం మీద సువాసన త్వరగా పోతుంది కాబట్టి ఒక మోచేతి మడతలో, ఛాతీ మీద వాసన లేని మాయిశ్చరైజర్ కొంచెం రాసి, ఆ పైన ఒక్కో చోట ఈడీపీ ఒక్కసారి నొక్కండి. మణికట్టుకు రాసుకున్నా రెండు చేతులూ కలిపి రుద్దకండి. ఆ వేడికి తేలిక పరిమళాలు ఇంకా ముందే పోతాయి. రవిక వేసుకోవడం, చీర కట్టుకోవడం, ముత్యాల నగలు పెట్టుకోవడం అన్నీ పెర్ఫ్యూమ్ ఆరాకే. ఆల్కహాల్ పట్టు మీద మరక వేస్తుంది, ముత్యాల మెరుపు తగ్గిస్తుంది. కొట్టుకున్న కాసేపటికి మీ వాసన మీకే తెలియకుండా పోతుంది. అది ముక్కు అలవాటు పడటమే, సువాసన అయిపోవడం కాదు. అందుకని మళ్లీ మళ్లీ కొట్టుకోవద్దు. తలుపులు మూసిన ఏసీ హాల్లో పక్కవాళ్లకు తలనొప్పి రావచ్చు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడకపోవచ్చు.

భోజనాల వేళకు చెమట పట్టి సువాసన తగ్గితే అప్పుడు మిస్ట్ తీయండి. ముందు తడి చేతిరుమాలుతో మెడ, చేతులు తుడిచి ఆరనిచ్చి, చేతుల మీద తేలిగ్గా చల్లుకుంటే చాలు. మిస్ట్‌లో తైలం తక్కువ కాబట్టి రోజులో రెండు, మూడు సార్లు చల్లుకున్నా ఘాటు కాదు. ఉద్యోగానికి బస్సులో వెళ్లేవాళ్లకూ, కాలేజీ పిల్లలకూ ఎండాకాలంలో పెర్ఫ్యూమ్ కంటే ఇదే అనువు. పొద్దున డియో, బ్యాగులో చిన్న మిస్ట్ సీసా, అంతకంటే ఖర్చు పెట్టక్కర్లేదు. ఆల్కహాల్ పడని చర్మమైతే వట్టివేరు అత్తరు ఒక్క చుక్క మంచిది. నూనెలో చేసేది కాబట్టి నెమ్మదిగా, ఒంటికి దగ్గరగా పరిమళిస్తుంది.

ఎండలోకి వెళ్లేటప్పుడు మెడ మీద, దవడ కింద పెర్ఫ్యూమ్ కొట్టుకోవద్దు. కొన్ని పెర్ఫ్యూముల్లో వాడే బర్గమాట్ లాంటి నిమ్మజాతి తైలాల్లోని బెర్గాప్టెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినట్టు చేస్తుంది. ఎర్రబడి, తర్వాత చర్మం మీద కారిన ధార ఆకారంలోనే నల్లటి మచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పట్టొచ్చు. ఇప్పుడు పేరున్న తయారీదారులు ఆ పదార్థం తీసేసిన తైలం వాడుతున్నారు. ఊరూ పేరూ లేని చవక సీసాలకు ఆ హామీ లేదు. బయటికి వెళ్లాలంటే బట్ట కప్పే చోటే కొట్టుకోండి.

చివరగా ఒక జాగ్రత్త. గ్యాస్ డియో డబ్బాల్లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్, అంటే వంటగ్యాస్‌లో ఉండేవే. 50 డిగ్రీలు దాటిన వేడికి గురిచేయకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఎండలో నిలిపి, అద్దాలు మూసిన కారు లోపల ఆ వేడి సులువుగా దాటుతుంది. డియో డబ్బాను కారులో వదలకండి, వెలుగుతున్న పొయ్యి దగ్గర, దీపం దగ్గర కొట్టుకోకండి.