గడ్డకట్టే నీళ్లకు సీసా చాలదు

చలికాలంలో పేరిన నెయ్యి గిన్నెను సన్నని సెగ మీద పెట్టి చూస్తే, కరిగిన నెయ్యి పైకి చేరుతుంది, పూసలు అడుగున కూర్చుంటాయి. కొబ్బరినూనెదీ కొవ్వొత్తి మైనానిదీ అదే తీరు. గడ్డకట్టేటప్పుడు అణువులు ఒకదానికొకటి దగ్గరగా సర్దుకుంటాయి. అంతకుముందున్న బరువే తక్కువ చోటులో ఇముడుతుంది గనుక గడ్డ మునుగుతుంది. చాలా పదార్థాలు ఇంతే. నీళ్ల దారి మాత్రం వేరు.

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు లాగుతూ ఉంటుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. నీళ్లు నీళ్లుగా ఉన్నంతసేపూ ఈ బంధాలు క్షణక్షణం తెగుతూ, మళ్లీ పడుతూ ఉంటాయి. అందువల్ల అణువులు సందు దొరికిన చోటల్లా దూరిపోగలవు. గడ్డకట్టాక ఆ స్వేచ్ఛ ఉండదు. ప్రతి అణువూ సరిగ్గా నాలుగింటితో, కచ్చితమైన కోణాల్లో ముడిపడి నిలిచిపోతుంది. ఇలా ఏర్పడే అమరికలో ఆరేసి అణువుల వలయాలుంటాయి, వాటి నడుమ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే ఐసును తేలిక చేస్తుంది.

ఎంత తేలిక? సున్నా డిగ్రీల దగ్గర ఒక లీటరు ఐసు సుమారు 917 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు దాదాపు కిలో. గ్లాసు నీళ్లలో వేసిన ఐసుముక్క పదకొండు వంతులు మునిగి, ఒక వంతు బయటికి కనిపించేది ఈ తేడా వల్లనే.

ఇదే లెక్కను సీసాకు వేస్తే అసలు చిక్కు బయటపడుతుంది. లీటరు పట్టే సీసాను అంచుదాకా నింపి బిగిస్తే, అందులోని నీళ్లకు గడ్డకట్టాక సుమారు 1,090 మిల్లీలీటర్ల చోటు కావాలి. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసుడు చోటు తక్కువ పడుతుందన్నమాట. ఐసును నొక్కి ఆ చోటులో ఇమడ్చవచ్చు కదా అంటే, అందుకు సీసా గోడలు వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటిన ఒత్తిడిని ఓర్చుకోవాలి. గాజు నొక్కుడును బాగానే తట్టుకుంటుంది, సాగదీతను తట్టుకోలేదు. లోపలి నుంచి తోస్తే గోడ సాగాలి. ఎక్కడో ఒక సన్నని గీత ఉంటుంది, పగులు అక్కడ మొదలవుతుంది.

గాజే కాదు, లోహమూ ఓడిపోయింది. 17వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లారెన్స్ అకాడమీ శాస్త్రవేత్తలు ఇత్తడి గోళంలో నీళ్లు నింపి, మూసి, గడ్డకట్టించి పగలగొట్టారు. 1780లలో కెనడాలోని క్యూబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే సైనికాధికారి ఇనుప ఫిరంగి గుండ్లలో నీళ్లు పోసి, రంధ్రాలకు ఇనుప బిరడాలు దిగగొట్టి, ఆరుబయట చలిలో వదిలాడు. బిరడాలు వందల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. బిరడా కదలకుండా బిగిస్తే గుండే చీలింది.

మరైతే కాస్త వెలితిగా నింపితే సరిపోదా? ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. లీటరు సీసాలో 900 మిల్లీలీటర్లు పోసి మూత గట్టిగా బిగించారనుకుందాం. ఐసు సుమారు 981 మిల్లీలీటర్లవుతుంది. అంతకుముందు 100 మిల్లీలీటర్ల చోటులో ఉన్న గాలి 19కి కుదించుకుపోతుంది, దాని ఒత్తిడి నాలుగైదు రెట్లవుతుంది. మామూలు గాజు సీసాకు అది ప్రమాదమే. 800 మిల్లీలీటర్లే పోస్తే ఒత్తిడి ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగుతుంది. మూత వదులుగా ఉంచితే ఆ బాధా ఉండదు.

మూత తీసి పెట్టినా పగిలే సీసాలున్నాయి. చలి బయటి నుంచి వస్తుంది గనుక నీళ్లు ముందు గోడల వెంట, పైభాగాన గడ్డకడతాయి. సన్నని మెడలో ఐసు బిరడాలా పట్టేస్తే, నడిమధ్యన మిగిలిన నీళ్లకు దారి మూసుకుపోతుంది. చివరగా గడ్డకట్టేది ఆ నీళ్లే, పగలగొట్టేదీ అవే. అందుకే నీళ్లు మెడ దాకా రాకుండా, భుజం కిందే ఆపాలి. వెడల్పాటి మూతి, నిలువు గోడలు ఉన్న డబ్బా అయితే ఐసు పైకి జరగగలదు. ప్లాస్టిక్ సీసా సాగుతుంది కాబట్టి అంత తేలిగ్గా పగలదు. దాని అడుగు ఉబ్బి, నిలబెడితే ఊగుతుంది.

సోడా, కూల్‌డ్రింకులది ఇంకో తంటా. ఐసు అమరికలో గ్యాసుకు చోటు లేదు. నీళ్లు గడ్డకడుతున్నకొద్దీ గ్యాసంతా మిగిలిన ద్రవంలోకి, పైనున్న ఖాళీలోకి నెట్టబడుతుంది. అసలే ఒత్తిడిలో ఉన్న సీసా మీద వ్యాకోచం, గ్యాసు రెండూ ఒకేసారి పడతాయి. త్వరగా చల్లబడాలని ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన సీసాలు పేలేది అందుకే.

పగిలిన సీసా చాలాసార్లు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే పెంకులను ఐసే అంటిపెట్టుకుని ఉంటుంది. కరిగాక గాని కారడం మొదలవదు. గోడ మీద వెంట్రుక మందాన గీత కనిపించినా, ఫ్రీజర్ అరలో ఐసు చిందిన గుర్తులున్నా దాన్ని మందపాటి గుడ్డతో పట్టి బయటికి తీసి, అలాగే పారేయాలి. కరిగిన నీళ్లను వడగట్టి వాడుకోకూడదు. గాజు రజను గుడ్డలోంచి కూడా జారిపోగలదు.